రెస్ప్యూల్ ఎన్ని నిమిషాల్లో అయిపోవాలి?

రాజోలు దగ్గర ఒక ఇల్లు అనుకుందాం. వెనక కొబ్బరితోట, ముందు వరి చేలు. ఇంట్లో 66 ఏళ్ల మామ్మ ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ కట్టెల పొయ్యి దగ్గర వండింది, మధ్యలో కొన్నేళ్లు పీచు పనికి వెళ్లింది. ఇప్పుడు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే జబ్బు అన్నారు. డాక్టరు గారు రోజుకు మూడుసార్లు డ్యూలిన్, పొద్దున్నా రాత్రీ బుడెకార్ట్ 0.5 రాశారు. రెండేళ్ల కిందట కొన్న నెబ్యులైజర్ మంచం పక్కన స్టూలు మీద ఉంటుంది. కొన్న కొత్తలో ఒక డ్యూలిన్ రెస్ప్యూల్, అంటే ఒక్కసారికి సరిపడా మందున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం, ఏడు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు 22 నిమిషాలు పడుతోంది. మనవడు వచ్చి "ఇంకా అవ్వలేదా మామ్మా?" అంటే, "ఇంకా పొగొస్తోంది కదరా, రానీ" అంటుంది. ఎక్కువసేపు వస్తే మందు ఎక్కువ పడుతుందని ఆవిడ నమ్మకం. ఆయాసం మాత్రం తగ్గడం లేదు. ఇంట్లోవాళ్లు మందు పనిచేయడం లేదనుకుని, డాక్టరు గారిని పవర్ ఎక్కువున్న మందు రాయమని అడుగుదామనుకుంటున్నారు.

ఇక్కడ మారాల్సింది మందు కాదు. ఎంతసేపు పడుతోందన్న దాన్ని బట్టే మిషన్ ఆరోగ్యం చాలావరకు చెప్పేయొచ్చు. ఇంట్లో నెబ్యులైజర్ వాడేవాళ్లకు గోడ గడియారం కన్నా మంచి పరీక్ష పరికరం లేదు.

ఎందుకో తెలియాలంటే మందు కప్పులో ఏం జరుగుతుందో చూడాలి. నెబ్యులైజర్ అంటే అందరి కళ్లూ శబ్దం చేసే డబ్బా మీదే ఉంటాయి. నిజానికి ఆ డబ్బా గాలిని నొక్కి పంపే పంపు మాత్రమే. అసలు పని అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ కప్పులో జరుగుతుంది. కప్పు అడుగున మధ్యలో చిన్న మొన, దాని కొసన సూది మొనంత రంధ్రం ఉంటాయి. ట్యూబులోంచి వచ్చిన గాలి ఆ రంధ్రంలోంచి విసురుగా దూసుకొస్తుంది. ఆ విసురుకి చుట్టూ ఉన్న మందు పైకి లాగబడి, గాలిలో చిట్లి, పైన అడ్డంగా ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్కకు కొట్టుకుంటుంది. సన్నటి బిందువులు మాస్కులోకి వెళ్లిపోతాయి. పెద్దవి మళ్లీ కప్పులోకి జారి, మళ్లీ చిట్లుతాయి.

చేలో మందు కొట్టే వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. స్ప్రేయరు నాజిల్ బాగుంటే మంచులా పడుతుంది. నాజిల్ అరిగినా, సగం మూసుకుపోయినా ధారలా, చుక్కల్లా పడుతుంది, మందంతా కిందికి కారిపోతుంది. ఊపిరితిత్తుల లెక్క కూడా అంతే. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉన్న బిందువులే చిన్న గాలి గొట్టాల దాకా దిగుతాయి. అంతకన్నా పెద్దవి నోట్లో, గొంతులో అంటుకుంటాయి, అక్కడి నుంచి కడుపులోకి పోతాయి. గాలి విసురు తగ్గితే మందు చిట్లడం తగ్గి, బిందువులు పెద్దవవుతాయి. కాబట్టి 22 నిమిషాలు పడుతోందంటే మందు మెల్లగా అందుతోందని కాదు, చాలావరకు అందాల్సిన చోటికి అందడం లేదని. మాస్కు దగ్గర పొగ కనపడుతూనే ఉంటుంది. అదే మోసం, ఎందుకంటే బిందువు పెద్దదో చిన్నదో కంటికి తెలియదు.

కొత్త కప్పుతో, గట్టి పంపుతో 2.5 మిల్లీలీటర్ల రెస్ప్యూల్ మామూలుగా 6 నుంచి 10 నిమిషాల్లో అయిపోవాలి. అయిపోవడమంటే కప్పు ఎండిపోవడం కాదు. మొదట చిటపటమని, ఆగి ఆగి వస్తుంది. అప్పుడు కప్పును వేలితో నాలుగుసార్లు తడితే గోడలకు అంటుకున్న చుక్కలు కిందికి జారి, ఇంకో అర నిమిషం వస్తుంది. మళ్లీ చిటపటలాడితే ఆపేయొచ్చు. అడుగున ఇంకా కాస్త మిగులుతుంది. ఆ మిగులు ప్రతి కప్పులోనూ ఉంటుంది, అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు పైదాకా.

ఈ మిగులు లెక్క ఒకసారి వేసి చూడటం మంచిది. కప్పులో 1 మిల్లీ మిగులుతుందనుకుందాం. బుడెకార్ట్ రెస్ప్యూల్ 2 మిల్లీలు. దాన్ని ఒంటరిగా పోస్తే సగం కప్పులోనే ఉండిపోతుంది. దానికి 2 మిల్లీల నార్మల్ సెలైన్ కలిపితే మొత్తం 4 అవుతుంది, అందులో 1 మిగిలితే పోయేది పావు వంతే. నీరు కొంత ఆవిరైపోయి మిగిలిన మందు చిక్కబడుతుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు, కానీ తేడా ఎటువైపో తెలుస్తుంది. అలాగని కప్పు నిండా సెలైన్ పోస్తే టైము పెరుగుతుంది, మనిషి విసిగిపోయి మధ్యలో తీసేస్తారు. మొత్తం 3 నుంచి 4 మిల్లీలు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. ఎంత కలపాలో డాక్టరు గారి చేత ఒక్కసారి చీటీ మీద రాయించుకుంటే ఇంట్లో ఎవరు పెట్టినా ఒకేలా పెడతారు.

కప్పులో ఏం పోయొచ్చు

నెబ్యులైజర్ కోసమే తయారైన మందులు, నార్మల్ సెలైన్. ఇవి తప్ప మరేవీ పోయకూడదు.

ఆ మందుల్లో రెండు రకాలు ఇళ్లలో ఎక్కువగా కనపడతాయి. మొదటిది బిగుసుకున్న గాలి గొట్టాలను వదులు చేసేది. సాల్బ్యుటమాల్ (ఆస్తాలిన్), లెవోసాల్బ్యుటమాల్, ఇప్రాట్రోపియం ఈ రకమే. డ్యూలిన్ 2.5 మిల్లీల రెస్ప్యూల్లో 1.25 మిల్లీగ్రాముల లెవోసాల్బ్యుటమాల్, 500 మైక్రోగ్రాముల ఇప్రాట్రోపియం కలిసి ఉంటాయి. పెట్టిన కొద్ది నిమిషాల్లో తేడా తెలియాలి. చేతులు వణకడం, గుండె దడదడలాడటం కాసేపు ఉండొచ్చు, అవి మందు గుణమే. గుండెల్లో నొప్పి వచ్చినా, దడ తగ్గకపోయినా మాత్రం డాక్టరుకు చెప్పాల్సిందే. రెండోది లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్, అంటే బుడెసొనైడ్. బుడెకార్ట్‌లో ఉండేది ఇదే. దీనితో వెంటనే ఉపశమనం కనపడదు, రోజూ వాడితేనే పని చేస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు ఒట్టి బుడెకార్ట్ పెట్టి తగ్గలేదని కంగారుపడటం చాలా ఇళ్లలో జరిగే పొరపాటే.

రెండూ రాసినప్పుడు మొదట గొట్టాలు తెరిచే మందు పెట్టి, పది నిమిషాలాగి బుడెసొనైడ్ పెడితే అది లోపలికి బాగా వెళుతుంది. రెండూ ఒకే కప్పులో కలిపి పెట్టమని డాక్టరు గారు చెప్పి ఉంటే కలపొచ్చు, ఈ రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టవు. కలిపాక మాత్రం వెంటనే వాడేయాలి, సగం దాచి సాయంత్రానికి ఉంచకూడదు. బుడెసొనైడ్ నీళ్లలో కరిగే మందు కాదు, పొడి తేలుతూ ఉంటుంది. తుంచే ముందు రెస్ప్యూల్‌ను నెమ్మదిగా తిప్పకపోతే మందు అడుగునే అంటుకుని, పైనున్న నీరు మాత్రమే కప్పులోకి వస్తుంది. పెట్టాక నోరు పుక్కిలించి ఉమ్మాలి, మాస్కు వాడితే తడిగుడ్డతో ముఖం తుడవాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, బుగ్గల మీద దద్దుర్లు వస్తాయి.

ఇప్రాట్రోపియం ఉన్న మందులు వాడే పెద్దవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. మాస్కు వదులుగా ఉంటే ఆ పొగ కళ్లలోకి పోతుంది. గ్లకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. చూపు మసకబారడం, కళ్లు నొప్పి పుట్టడం జరగొచ్చు. పళ్లతో పట్టుకుని పెదాలు మూసే మౌత్‌పీస్ దాదాపు ప్రతి మిషన్ డబ్బాలోనూ ఉంటుంది, కానీ ఎవరూ బయటికి తీయరు. మామ్మలాంటి వాళ్లకు మాస్కు కన్నా అదే మంచిది. ముక్కు మందును వడకట్టేయదు కాబట్టి ఎక్కువ మందు ఛాతీలోకి దిగుతుంది.

ఆస్తాలిన్ చిన్న సీసాలో కూడా వస్తుంది. దానిలో ఒక మిల్లీలో 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, అంటే రెస్ప్యూల్ కన్నా అయిదు రెట్లు చిక్కన. సిరంజితో అర మిల్లీ తీసి సెలైన్ కలపమంటే, తొందరలో 5 మిల్లీలు పోస్తే పదింతలైపోతుంది. ఇంట్లో పెట్టేది ఇద్దరు ముగ్గురైతే సీసా జోలికి పోకుండా, ఒక్కసారికి ఒకటి తుంచే రెస్ప్యూళ్లే రాయించుకోవడం మేలు.

ఇక పోయకూడనివి. మంచినీళ్లు, డిస్టిల్డ్ వాటర్, ఇంట్లో కలిపిన ఉప్పునీళ్లు పోయకూడదు. ఉత్త నీరు ఊపిరి గొట్టాలను బిగుసుకుపోయేలా చేస్తుంది, అంటే ఆయాసం తగ్గించబోయి పెంచినట్టు. దగ్గు సిరప్‌లు, ఆవిరి పట్టే క్యాప్సూళ్లు, నీలగిరి తైలం, విక్స్ పోయకూడదు. నూనె బిందువులు ఊపిరితిత్తుల్లోకి పోతే నెమ్ములాంటి వాపు వస్తుంది. ఆవిరి గిన్నె వేరు, నెబ్యులైజర్ వేరు. ఊళ్లో ఎవరైనా డెక్సా, డెరిఫిల్లిన్ ఇంజెక్షన్లు పగలగొట్టి కప్పులో పోస్తే అడ్డు చెప్పాలి. అవి నరానికో కండకో ఇవ్వడానికి చేసినవి, పీల్చడానికి కాదు. 3 శాతం సెలైన్ చూడటానికి మామూలు సెలైన్ లాగే ఉంటుంది. దాన్ని కఫం వదలడానికి డాక్టర్లు కొందరికి రాస్తారు, కానీ ఆయాసం ఉన్నవాళ్లకు సొంతంగా పెడితే గొట్టాలు బిగుసుకోవచ్చు. కొనేటప్పుడు అంకె చూడాలి: 0.9 శాతం ఉన్నదే నార్మల్ సెలైన్. అదైనా చిన్న ప్లాస్టిక్ ఆంప్యూళ్లే కొనాలి. ఎప్పుడో ఎక్కించగా మిగిలిన పెద్ద సెలైన్ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి రోజుల తరబడి సిరంజితో తీసి వాడితే, మూత గుచ్చిన రోజు నుంచే అందులో క్రిములు పెరగడం మొదలవుతుంది.

మామ్మ మిషన్‌కు ఏమైంది

ఇప్పుడు ఆ 22 నిమిషాల సంగతి. వెతకాల్సింది వరసగా: పంపు, ఫిల్టరు, ట్యూబు, కప్పు. దీనికి మందు వృథా చేయక్కర్లేదు, సెలైన్ పోసి చూస్తే చాలు.

ముందు కప్పు తీసేసి, మిషన్ ఆన్ చేసి, ట్యూబు చివర వేలు పెట్టాలి. గాలి వేలిని గట్టిగా తోయాలి. మామ్మ మిషన్‌లో తోపు మెత్తగా ఉంది. ట్యూబు కూడా పీకేసి మిషన్ రంధ్రం దగ్గరే వేలు పెట్టి చూశారు. అక్కడా మెత్తగానే ఉంది. అంటే ట్యూబు తప్పు కాదు. మిషన్ దగ్గర గట్టిగా ఉండి ట్యూబు చివర మెత్తగా ఉంటే అది ట్యూబులో చీలికో, కొస వదులై గాలి పోవడమో అయ్యుండేది.

తర్వాత ఫిల్టరు. మిషన్ పక్కనో వెనకో రూపాయి బిళ్లంత మూత ఉంటుంది. దాన్ని లాగితే లోపల తెల్లటి స్పాంజి ముక్క ఉండాలి. మామ్మ మిషన్‌లో అది టీ రంగులో ఉంది. రెండేళ్లలో ఒక్కసారీ తీయలేదు. ఫిల్టరు లేకుండా అర నిమిషం నడిపి చూస్తే గాలి వేలిని గట్టిగా తోసింది. దోషం సగం దొరికినట్టే.

డెల్టాలో ఈ స్పాంజి తొందరగా నల్లబడటానికి కారణం ఉంది. మిషన్ ఎక్కడుంటే అక్కడి గాలినే పీలుస్తుంది. సార్వా కోతలప్పుడు ధాన్యం దుమ్ము, దాళ్వా అయ్యాక గడ్డి తగలబెట్టిన పొగ, పీచు మిల్లు దగ్గరున్న ఇళ్లలో ఏడాది పొడుగునా ఆ పొడి, ఇంట్లో దోమల చుట్ట, సాంబ్రాణి, అన్నీ ఆ ముక్కలోకే వెళ్తాయి. అక్కడ ఆగకపోతే మందుతో పాటు మామ్మ ఛాతీలోకి పోతాయి. అందుకే మిషన్‌ను నేల మీద, వంటగదిలో, దోమల చుట్ట వెలిగించిన గదిలో పెట్టకూడదు. పరుపు మీదా పెట్టకూడదు, కింద గాలి వెళ్లే చీలికలు మూసుకుని మోటారు వేడెక్కుతుంది. ఫిల్టరును నెలకోసారి తీసి చూడాలి, రంగు మారగానే మార్చాలి. కొన్ని కంపెనీలు రెండు నెలలకోసారి మార్చమంటాయి. కోతల నెలల్లో అంతకన్నా ముందే మార్చాల్సి వస్తుంది. ధర తక్కువే, డబ్బాలో అదనంగా కూడా ఇస్తారు. బుక్‌లెట్లో ఉతకొచ్చని ఉంటే తప్ప ఉతికి పెట్టకూడదు. దాని బదులు దూది కుక్కితే గాలి తోపు మళ్లీ తగ్గుతుంది, పోగులు లోపలికి పోతాయి.

కొత్త ఫిల్టరు వేశాక టైము 22 నుంచి 17కి దిగింది. ఇంకా ఏడు కాలేదు. ఇక మిగిలింది కప్పు.

కప్పు విప్పి మొనను వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం చుట్టూ తెల్లటి పెచ్చు కనపడింది. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీళ్లు ఎలా ఉంటాయో కాఫీ గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ తెల్లటి సున్నమే, రోజూ బోరు నీళ్లతో కడిగిన కప్పు రంధ్రంలో కూడా పేరుకుంటుంది. దానికి తోడు మందులోని ఉప్పు ఎండి అంటుకుంటుంది. ఉప్పయితే గోరువెచ్చటి నీళ్లకే కరుగుతుంది. సున్నానికి వెనిగర్ కావాలి: తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు కలిపి, కప్పు ముక్కలన్నీ అరగంట నానబెట్టి, మరిగించి చల్లార్చిన నీళ్లతో బాగా కడగాలి. అలా చేస్తే మామ్మ కప్పు 17 నుంచి 14కి వచ్చింది, అంతకన్నా తగ్గలేదు. ఎందుకని ఆరా తీస్తే, ఆర్నెల్ల కిందట రంధ్రం మూసుకుపోయిందని ఎవరో పిన్నీసుతో పొడిచారు.

ఆ ఒక్క పోటుతో కప్పు పని అయిపోయినట్టే. రంధ్రం అంచు చిరిగి వెడల్పయితే గాలి విసురు పోతుంది, బిందువులు పెద్దవవుతాయి, ఇక ఎన్నిసార్లు కడిగినా అంతే. సూది, పిన్నీసు, చీపురు పుల్ల, ఏదీ ఆ రంధ్రంలో పెట్టకూడదు. వెనిగర్‌తో తెరుచుకోకపోతే కప్పు మార్చడమే. కొత్త కప్పు పెట్టి అదే మిషన్‌తో, అంతే సెలైన్‌తో చూస్తే 8 నిమిషాల్లో అయిపోయింది. ఇదే చివరి పరీక్ష కూడా: కొత్త కప్పు, కొత్త ఫిల్టరు, మంచి ట్యూబు పెట్టాక కూడా 15 నిమిషాలు దాటితే పంపే అరిగిపోయిందని అర్థం. వోల్టేజీ తక్కువున్న సాయంత్రం చూసి ఆ తీర్పు చెప్పకూడదు, మోటారు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పొద్దుటి పూట మళ్లీ చూడాలి.

ఒక్కోసారి పొగ అసలు రాదు, మందు బుడబుడలాడుతూ ఉంటుంది. అది చాలావరకు కడిగాక ఆ మొన మీద తొడిగే చిన్న ప్లాస్టిక్ ముక్క తిరిగి పెట్టకపోవడం వల్లే. గిన్నెలు కడిగే నీళ్లతో పాటు తూములో పోయి ఉంటుంది. కప్పును పక్కకు ఒరిగించి పట్టుకున్నా మందు మొన దాకా అందక పొగ ఆగుతుంది. పడుకోబెట్టి పెట్టడం కన్నా కూర్చోబెట్టి, కప్పు నిటారుగా ఉంచి, నోటితో నెమ్మదిగా పీల్చమనాలి. మధ్యమధ్యలో ఒక లోతైన ఊపిరి తీసుకుంటే చాలు.

పసిపిల్లల విషయంలో టైము సరిగానే ఉన్నా మోసం ఇంకోచోట ఉంటుంది. బిడ్డ ఏడుస్తోందని మాస్కును ముఖానికి ఎడంగా పట్టుకుంటారు. ఒక్క సెంటీమీటరు ఎడమైనా అందే మందు దాదాపు సగానికి పడిపోతుంది. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మాస్కు ముక్కూ నోరూ మూసేలా ఆన్చాలి. నిద్రలో ఉన్నప్పుడు పెట్టబోతే చాలామంది పిల్లలు లేచి ఏడుస్తారు. ఏడుపులో లోతుగా పీలుస్తారు కదా అనుకోవడం పొరపాటు. ఏడ్చే బిడ్డకు మందు ఎక్కువగా గొంతులోనే ఆగిపోతుంది.

కడగడం, ఆరబెట్టడం

ఇక్కడ నీళ్ల విషయం మళ్లీ వస్తుంది. డెల్టాలో ఇంటింటికీ 20 లీటర్ల మినరల్ వాటర్ టిన్ను ఉంటుంది. ఆ నీళ్లలో సున్నం తక్కువ, కాబట్టి కప్పుకు మంచివే. కానీ క్రిములు లేవని అనుకోకూడదు. టిన్ను తెరిచి రెండు మూడు రోజులుంటుంది, గ్లాసులు ముంచుతారు. బోరు నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, సున్నం మాత్రం అందులోనే ఉంటుంది. అందుకే టిన్ను నీళ్లనే మరిగించి చల్లార్చి, మూతపెట్టిన గిన్నెలో ఉంచుకుని కడగడానికి వాడితే రెండు ఇబ్బందులూ తీరతాయి. కాలవ నీళ్లు, చెరువు నీళ్లు పటిక వేసి తేర్చినా సరే, మరిగించకుండా వాడకూడదు. తడిగా ఉన్న కప్పులో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది, మర్నాడు పొద్దున్న ఆ పొగతో పాటే ఛాతీలోకి దిగుతుంది. సీఓపీడీ ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ప్రతిసారీ పెట్టాక కప్పులో మిగిలింది పారబోసి, ముక్కలు విప్పి, ఆ నీళ్లతో తొలిచి, దులిపి, ఆరబెట్టాలి. రోజుకోసారి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, కప్పు, మౌత్‌పీస్, మాస్కు కడిగి, మళ్లీ మరిగించిన నీళ్లతో తొలవాలి. రెండు మూడు రోజులకోసారి కప్పును, మౌత్‌పీస్‌ను మరుగుతున్న నీళ్లలో అయిదు నుంచి పది నిమిషాలు ఉంచితే క్రిములు పోతాయి. బుక్‌లెట్లో మరిగించొచ్చని ఉన్న కప్పులకే ఇది, పల్చటి చౌక కప్పులు వంకర్లు పోతాయి. మెత్తటి మాస్కునూ, ట్యూబునూ మరిగించకూడదు. ట్యూబును అసలు కడగనే కూడదు. సన్నటి ట్యూబులో నీరు చేరితే ఆరదు, నల్లటి బూజు పడుతుంది. మందు పెట్టడం అయ్యాక కప్పు తీసేసి, ట్యూబు మాత్రం తగిలించి మిషన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడిపితే లోపలి చెమ్మ పోతుంది.

ఆరబెట్టడాన్ని తక్కువ చేసి చూడకూడదు, ముఖ్యంగా వానాకాలం. కోనసీమలో జూలై, ఆగస్టు నెలల్లో బట్టలే రెండు రోజులకు ఆరవు. కప్పును తడిగానే డబ్బాలో పెట్టి మూసేస్తే కడిగిన ఫలితమంతా పోతుంది. శుభ్రమైన పొడిగుడ్డ మీద ముక్కలు విడివిడిగా పెట్టి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు మూత ఉన్న డబ్బాలోకి తీయాలి. రోజుకు అయిదుసార్లు పెట్టాల్సిన మామ్మలాంటి వాళ్లకు ఒక కప్పు ఆరేలోపే ఇంకో డోసు టైము వస్తుంది. అందుకే ఇంట్లో రెండు కప్పులు ఉండాలి, మార్చి మార్చి వాడుకోవచ్చు. ఒకరి మాస్కు, కప్పు ఇంకొకరికి వాడకూడదు. డబ్బా ఒకటే అయినా కప్పులు ఎవరివి వాళ్లకే.

కప్పు ఎన్నాళ్లకు మార్చాలన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. మిషన్‌తో ఇచ్చే గట్టి కప్పులు ఆరు నెలల నుంచి ఏడాది దాకా వస్తాయి. ఆసుపత్రిలో పడేసేందుకు ఇచ్చే పల్చటి కప్పులు కొన్ని వారాలకే పనికిరాకుండా పోతాయి, వాటిని ఇంటికి తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. మాస్కు, ట్యూబు గట్టిపడినా, పసుపు తిరిగినా, ట్యూబు లోపల మచ్చలు కనపడినా మార్చేయాలి. ఇవన్నీ అంచనాలే. కొన్న రోజు 3 మిల్లీల సెలైన్ ఎన్ని నిమిషాల్లో అయిందో మిషన్ అడుగున మార్కరుతో రాసుకుని, నెలకోసారి ఫిల్టరు చూసేటప్పుడే మళ్లీ చూసుకుంటే, మార్చాల్సిన రోజు తేదీతో పని లేకుండా తెలిసిపోతుంది. టైము సగానికి సగం పెరిగితే కారణం వెతకాలి.

రెస్ప్యూళ్లను వెలుతురు తగలకుండా వాటి రేకు కవర్లోనే ఉంచాలి. కవరు చించిన తేదీ దాని మీదే రాసుకోవాలి. తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో కవరు మీదే ఉంటుంది. మే నెల ఎండల్లో రేకుల షెడ్డు కింద, ఫ్రిజ్ మీద పెట్టడం మంచిది కాదు. తుపాను రోజుల్లో కరెంటు గంటల తరబడి పోతుంది కాబట్టి డాక్టరు గారిని అడిగి ఇన్‌హేలర్, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం స్పేసర్ రాయించి ఉంచుకోవాలి. పద్ధతిగా పీల్చగలిగితే మామూలు ఆయాసానికి స్పేసర్‌తో ఇన్‌హేలర్ నెబ్యులైజర్‌కు తీసిపోదు, కరెంటూ అక్కర్లేదు.

గడియారం సరిగ్గానే ఉండి, ఆయాసం తగ్గకపోతే

ఎనిమిది నిమిషాల్లో మందు అయిపోయింది, మౌత్‌పీస్ సరిగ్గా పెట్టారు, అయినా మామ్మ ఎగశ్వాస పోతోందంటే ఇక మిషన్‌లో వెతకాల్సింది ఏమీ లేదు. అక్కడ చాలామంది మళ్లీ మళ్లీ పెడుతూ రాత్రంతా గడిపేస్తారు. ఇంకో అపోహ కూడా ఆలస్యానికి కారణమవుతుంది: నెబ్యులైజర్ పెడితే ఆక్సిజన్ పెట్టినట్టేనని. ఇంట్లో మిషన్ గదిలో గాలినే పంపుతుంది, అందులో అదనపు ఆక్సిజన్ చుక్క కూడా ఉండదు.

డాక్టరు చెప్పిన డోసు నాలుగు గంటలు కూడా ఆగకుండా మళ్లీ కావాల్సి వస్తుంటే అదే రోజు చూపించాలి. మాట మధ్యలో ఊపిరికి ఆగాల్సి వస్తే, పెదాలు, గోళ్లు నీలం తిరిగితే, మత్తుగా ఉండి పొంతన లేకుండా మాట్లాడితే, పిల్లలకు డొక్కలు ఎగురుతుంటే, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి ఆయాసం మాత్రం అలాగే ఉంటే, 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోపు గొట్టాలు తెరిచే మందు ఇంకోసారి పెట్టొచ్చు, కానీ అది అయ్యాక చూద్దామని ఫోన్ ఆపకూడదు. పిల్లికూత ఆగిందంటే తగ్గిందని కాదు, శబ్దం రావడానికి సరిపడా గాలి కూడా ఆడటం లేదని. వెళ్లేటప్పుడు చీటీ, వాడిన ఖాళీ రెస్ప్యూళ్లు సంచిలో వేసుకుని, చివరి డోసు ఎన్ని గంటలకు పెట్టారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. క్యాజువాలిటీలో డాక్టరు మొదట అడిగేది అదే.